చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా?

జూలైలో ఒక సాయంత్రం మా రెండో తరగతి పిల్లాడి ఇంటికి వెళ్లాను. నాలుగు రోజులుగా బడికి రావడం లేదు, జ్వరమేమో అనుకున్నాను. జ్వరం కాదు, మేనత్తగారి ఊరెళ్లి అప్పుడే దిగాడట. వాళ్లమ్మ జీడిపిక్కల పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నన్ను చూడగానే "సూడండి టీచరుగోరూ, మా గుంటడు ఎంత బాగా సదువుతాడో" అంటూ వాడిచేత పుస్తకం తెరిపించింది.

వాడు గడగడా అందుకున్నాడు. ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుని ప్రతి వాక్యానికీ తలూపుతోంది. నేను వాడి నోటి వంక కాకుండా పుస్తకం వంక చూశాను. వాడు చెబుతున్న పాఠం ఒకటి, తెరిచి ఉన్న పేజీ ఇంకొకటి. రెండు పేజీల తేడా. మధ్యలో ఆపి "ఈ మాటేంట్రా?" అని ఒక మాట చూపించాను. నా వంక చూసి నవ్వి, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాడు.

తప్పు వాడిది కాదు. తరగతిలో నేను ఒక వాక్యం అంటాను, 31 మందీ కోరస్‌గా తిప్పి అంటారు. వారం తిరిగేసరికి పాఠం నోటికొస్తుంది, కంటికి మాత్రం రాదు. వాళ్లమ్మకు చదువు రాదు కాబట్టి ఆ తేడా ఆవిడకు తెలిసే దారి లేదు. రోజూ సాయంత్రం పని నుంచొచ్చి, వంటకు ముందు పది నిమిషాలు వాడి పక్కన కూర్చుంటోంది. ఆ పది నిమిషాలూ ఏమీ జరగడం లేదు. నాకు బాధ కలిగించింది అదే.

మాది పలాస దగ్గర ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. టీచర్లం ఇద్దరమే. రెండు, మూడు తరగతులు నావి. ఆ మర్నాడే హెచ్‌ఎం మేస్టారితో అన్నాను, తల్లిదండ్రులకు ఇంటి దగ్గర చదివించడం మీద ఒక పూట పెడదామని. "మీటింగా? మీటింగ్ అంటే ఎవరొస్తారమ్మా, వస్తే గుడ్డు చిన్నదనీ, బ్యాగు చిరిగిందనీ అడుగుతారు" అన్నారు. ఆయనన్నది నిజమే. అంతకుముందు ఏడాది పెట్టినదానికి నేనే గంటన్నర మాట్లాడాను. చదువు గురించి చెప్పిన దాంట్లో తర్వాత ఎవరికీ ఒక్క ముక్క గుర్తులేదు.

ఈసారి ఉపన్యాసం వద్దనుకున్నాను. చేసి చూపించాలి, వాళ్లచేత అక్కడికక్కడే చేయించాలి, అంతే.

ముందు నా లెక్క నేను చూసుకున్నాను. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, పిల్లలు ఎంత చదవగలరో చూడ్డానికి చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలామంది టీచర్లకు తెలిసే ఉంటుంది. ఒక కాగితం మీద అక్షరాలు, తేలిక మాటలు, నాలుగు వాక్యాల చిన్న పేరా, కొంచెం పెద్ద కథ ఉంటాయి. పిల్లను ఒక్కదాన్నే పక్కకు పిలిచి ఎక్కడి దాకా చదవగలదో చూస్తారు. నేనూ అలాంటి కాగితం ఒకటి రాసుకుని మూడు రోజుల్లో అందరినీ చూశాను. అక్షరాలు కూడా సరిగా రానివాళ్లు నలుగురు, అక్షరాల దగ్గర ఆగినవాళ్లు తొమ్మిది మంది, మాటల దాకా వచ్చినవాళ్లు ఎనిమిది మంది, పేరా చదివినవాళ్లు ఆరుగురు, కథ చదివినవాళ్లు నలుగురు.

దాని పక్కనే ఇంకో గడి గీశాను. సాయంత్రం పూట ఆ ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి ఎవరు? ఈ గడి నింపడానికే వారం పట్టింది. అడిగితే "వొచ్చండీ" అంటారు, సంతకం పెట్టడం వస్తే చదువు వచ్చినట్టే లెక్క. చివరికి తేలింది, 17 ఇళ్లలో చదవగల పెద్దవాళ్లెవరూ లేరు. వాటిలో తొమ్మిదిళ్లలో అక్కో అన్నో ఉన్నారు. ఎనిమిదిళ్లలో ఎవరూ లేరు.

ఈ గడి వల్ల నా ప్లాను సగం కొట్టుకుపోయింది. మొదట ఏడు ప్రదర్శనలు రాసుకున్నాను. పిల్లలకు కథ చదివి వినిపించడం, కలిసి చదవడం, గుణింతాల ఆట, కొత్త మాటల పట్టీ, ఇలా. ఏడింట్లో అయిదు, తల్లికి చదువొస్తేనే పనికొచ్చేవి. వాటిని పట్టుకెళ్లి ఆ 17 ఇళ్లవాళ్ల ముందు చేస్తే, మీవల్ల కాదని మర్యాదగా చెప్పినట్టే. అయిదూ కొట్టేశాను. మిగిలిన రెంటికి, ఆ పిల్లాడి ఇంట్లో చూసింది మనసులో పెట్టుకుని మూడోది కలిపాను.

ఆ మూడోదే మొదటి ప్రదర్శన అయింది. పిల్లాడు చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా అని చదువు రాని తల్లి ఎలా కనిపెట్టాలి?

నిజానికి ఇది చాలా తేలిక. పిల్లాడు పేజీ చదివేశాక తల్లి ఆ పేజీ మధ్యలో ఎక్కడో ఒక మాట కింద వేలు పెట్టి "ఇదేటి?" అని అడగాలి. వాడేదో చెబుతాడు. అది తప్పో ఒప్పో ఆవిడకు తెలియదు, తెలియనక్కర్లేదు. తర్వాత అదే పేజీలో అచ్చం అలాగే ఉన్న మాట ఇంకెక్కడుందో వెతకాలి. ముగ్గు చుక్కలు కలిపే కన్ను చాలు దానికి. దాని కింద వేలు పెట్టి "మరిదేటి?" అనాలి. రెండుచోట్లా ఒకే మాట చెబితే చదువుతున్నట్టే అనుకోవచ్చు. రెండుసార్లూ వేరు వేరు చెబితే, లేదా పేజీ మొదటికెళ్లి పాడుకుంటూ వస్తే అది కంఠతా. ఇదేం పక్కా పరీక్ష కాదు. రెండుచోట్లా ఒకే తప్పు చెప్పి గట్టెక్కేవాళ్లూ ఉంటారు. కానీ మా ఊళ్లో సాయంత్రం ఏడింటికి అడగాల్సిన ప్రశ్నకు ఇది సరిపోతుంది.

ఇందుకు పుస్తకం కూడా కలిసి రావాలి, ఒకే మాట పేజీలో రెండు మూడుసార్లు రావాలి. మా వాచకంలో అలాంటి పేజీలు తక్కువ. అందుకని ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి తెలుగు కథలు వెతికాను. అక్కడివి ఉచితం, అచ్చు వేసి పంచుకోవచ్చు. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద బొమ్మ. మాటలు తిరిగి తిరిగి వచ్చేవి ఆరు కథలు ఏరాను.

జెరాక్సు దగ్గర ఒక తప్పు చేశాను. కాగితం కలిసొస్తుందని ఒక షీటులో నాలుగు పేజీలు పట్టేలా కుదించి వేయించాను. చూడ్డానికి ముచ్చటగా, అరచేతిలో పట్టేటంత పుస్తకాలు. ఇంటికొచ్చి చూస్తే ఒత్తులన్నీ మసి. తెలుగులో ఒత్తు కిందకు వేలాడుతుంది, అక్షరం కన్నా సన్నగా ఉంటుంది. కుదిస్తే ముందు చచ్చేది అదే. "అత్త" కాస్తా "అత" అయి కూర్చుంది. చదవడం నేర్చుకుంటున్న పిల్లకు అదొక పెద్ద మోసం. మళ్లీ షీటుకు రెండు పేజీల చొప్పున వేయించాను. డబ్బు రెండింతలయింది, పోనీ.

రెండో ప్రదర్శన, పిల్లాడు ఒక మాట దగ్గర ఆగిపోతే ఏం చెయ్యాలి? ఇళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. చదువొచ్చిన అక్క అయితే తమ్ముడు ఆగీ ఆగక ముందే మాట అందించేస్తుంది. నాన్న అయితే "కకు కొమ్మిస్తే ఏటవుద్దిరా?" అని గుణింతం మొదలెడతాడు. కు తేలేసరికి వాక్యం ముందు భాగం పిల్లాడి తలలోంచి జారిపోతుంది. చదువు రాని తల్లి అయితే "ఊఁ, సదువు" అంటుంది, అంతకన్నా ఏం చేస్తుంది?

మేం చూపించదలచింది ఇది. ఆగిపోతే నోరు మెదపకుండా ఒడిలో చెయ్యి పెట్టుకుని అయిదు వేళ్లూ ఒక్కొక్కటే ముడవాలి. అంతలోపు పిల్లాడు తనంతట తను చెబితే సరే. చెప్పకపోతే మాట మొత్తం చెప్పెయ్యాలి, విడగొట్టి కాదు. వాడు ఆ మాట అని, ఆ వాక్యాన్ని మొదటి నుంచి ఒకసారి చదివి ముందుకెళ్తాడు. చదవగల మనిషి లేని ఇంట్లో మాట చెప్పేవాళ్లుండరు కాబట్టి అక్కడ పెన్సిలుతో ఆ మాట కింద చుక్క పెట్టి దాటెయ్యాలి. మర్నాడు బళ్లో ఆ చుక్కలు నేను చూస్తాను. ఒక పేజీలో అయిదు చుక్కలు దాటితే ఆ పుస్తకం వాడికి బరువన్నమాట, మార్చి తేలికది ఇస్తాను.

చుక్క ఆలోచన నాది కాదు, మా వంటామెది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు చదువు రాదు, ఆవిడ మనవరాలు మూడో తరగతి. అసలు రోజుకు పది రోజుల ముందు వంటయ్యాక ఆవిడను కూర్చోబెట్టి మొత్తం చేసి చూపించాను. నేను ముందు చింతపిక్క పెట్టించాలనుకున్నాను, ఆగిన మాట మీద ఒక పిక్క. ఆవిడ నవ్వింది. "పుస్తకం మూసినాక పిక్క ఎక్కడుంటాదమ్మా? సాకలి బట్టకి గుర్తెట్టినట్టు సుక్కెట్టీమను" అంది.

ఆవిడ దగ్గర ఇంకో సంగతి కూడా బయటపడింది. నేను ప్రతి ప్రదర్శననూ రెండు భాగాలు చేసుకున్నాను. ముందు తప్పుగా చేయడం, అరవడం, మొట్టడం, మాట లాక్కోవడం. తర్వాత సరిగా చేయడం. తప్పు చేసి చూపిస్తే నవ్వుకుంటారు, తేడా తెలుస్తుందని. వంటామె పొట్ట పట్టుకుని నవ్వింది. రెండు రోజుల తర్వాత "ఆ రోజు నేను చూపించింది ఒకసారి నువ్వు చెయ్యి" అని అడిగాను. ఆవిడ గుర్తుపెట్టుకుని అచ్చుగుద్దినట్టు చేసింది తప్పు భాగమే. సరైనది చప్పగా ఉంది, తప్పుది రక్తి కట్టింది, మరి ఏది గుర్తుంటుంది? తప్పు చూపించడం మొత్తం తీసేశాను. దాంతో ఒక్కో ప్రదర్శన నాలుగు నిమిషాలకు దిగింది.

ఇక ఎప్పుడు, ఎక్కడ? శనివారం మూడింటికి బళ్లో అని రాసుకున్నాను. ఒక తల్లి నాతో సూటిగానే చెప్పేసింది. "మూడింటికొస్తే ఆ పూట కూలి పోద్దండి. కేజీల లెక్క మాది." సాయంత్రం ఏడుకు మార్చాను. ఏడింటికి చీకట్లో బడి దాకా రమ్మంటే పసిపిల్లలతో ఎవరొస్తారు? ఊళ్లోనే పెట్టాలి. రామమందిరం అరుగు పెద్దది, లైటుంది. హెచ్‌ఎం మేస్టారు అదే అన్నారు. కానీ ఆ అరుగెక్కడానికి వెనకాడే ఇళ్లు మా జాబితాలో ఎనిమిదున్నాయి. ఎవరూ వద్దనరు, వాళ్లే రారు, వచ్చినా చివర నిలబడతారు. అందుకని అంగన్‌వాడీ గది అడిగాను. చిన్నది, తల్లీపిల్లల జంటలు పదిహేనుకు మించి పట్టవు. దాంతో రెండు సాయంత్రాలు చెయ్యాల్సి వచ్చింది. అప్పుడు విసుక్కున్నాను గానీ అదే కలిసొచ్చింది. మొదటి రోజు తప్పు రెండో రోజు దిద్దుకోవడానికి అవకాశం దొరికింది.

కాగితం మీద లెక్క ఇలా తేలింది. కూర్చోడానికి అయిదు నిమిషాలు, మొదటిది చూపించడానికి నాలుగు, వాళ్లు తమ పిల్లలతో చేయడానికి ఏడు. రెండోది నాలుగు, చేయడానికి పది. మూడోది మూడు, చేయడానికి అయిదు. పుస్తకం, పెన్సిలు ఇచ్చి పంపడానికి అయిదు. మొత్తం ముప్పావు గంట లోపే. పిల్లలు తప్పనిసరిగా పక్కన ఉండాలి. పిల్ల లేకుండా చేసే సాధన నటనే అవుతుంది.

ఆగస్టు ఆఖరి వారంలో మొదటి సాయంత్రం. పదిహేనిళ్లను పిలిస్తే పదకొండు మంది తల్లులు, ఇద్దరు మామ్మలు, ఒక తండ్రి వచ్చారు. పిల్లలు మాత్రం పాతిక మంది దాకా వచ్చారు, చంకలో ఉన్నవాళ్లు వేరు.

మొదటి ప్రదర్శనకు ఒక పిల్లాడిని ముందుకు పిలిచాను. బాగా హుషారైనవాడు కదా అని. వాడు పేజీ గడగడా చెప్పాడు. నేను మధ్యలో మాట కింద వేలు పెట్టాను, తప్పు చెప్పాడు. అదే మాట ఇంకోచోట చూపించాను, ఇంకో తప్పు చెప్పాడు. నాకు కావలసింది అదే, పద్ధతి పనిచేసింది. నేను చెప్పబోయేలోపు వెనక నుంచి వాళ్ల నాన్న లేచాడు. "ఇన్నాళ్లూ ఇదేటిరా నువ్వు సదివింది? ఏటీ రాదన్నమాట!" గది గొల్లుమంది. పిల్లాడు పుస్తకం నా ఒళ్లో పడేసి బయటకు పోయాడు.

ఆ తర్వాత మిగతా తల్లులు అదే పరీక్ష తమ పిల్లలతో చేస్తుంటే సగం మంది పిల్లలు పుస్తకం తెరవడానికే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటారా? నేనే అందరి ముందూ ఒకడి గుట్టు రట్టు చేసి చూపించాను. 31 మందిలో ఎవరెక్కడున్నారో కాగితం చేతిలో పెట్టుకుని కూడా, మాటల దగ్గరే ఆగిన పిల్లాడిని తీసుకెళ్లి ముందు నిలబెట్టాను. ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లాను. నాన్నకు సర్దిచెప్పాను, పిల్లాడితో మాట్లాడాలని చూశాను. వాడు దుప్పటి ముసుగు తియ్యలేదు.

రెండో ప్రదర్శన మాత్రం నేననుకున్న దానికన్నా బాగా జరిగింది. వేళ్లు ముడవడం అందరికీ నచ్చింది. అయిదు లెక్కపెట్టడం మాటల్లో చెబితే "ఒకటి రెండు మూడు నాలుగు అయిదు" అని గుక్కతిప్పుకోకుండా అనేస్తారు, రెండు సెకన్లు పట్టదు. చేతిని ఒడిలో పెట్టి ఒక్కో వేలూ ముడిస్తే నెమ్మదిస్తారు, పైగా నోరు ఖాళీగా ఉంటుంది. ఒక మామ్మ మూడో వేలు దగ్గరుండగా మనవరాలు మాట కూడదీసుకుని చెప్పేసింది. మామ్మకు ఆ మాట ఏదో తెలియదు, అయినా ముడవని రెండు వేళ్లూ అందరికీ ఎత్తి చూపించింది.

ఒక తల్లి పుస్తకం ముట్టుకోలేదు. మొదట మొహమాటం అనుకున్నాను. చేతులు కొంగులో దాచుకుంది. జీడిపిక్కల పని చేసేవాళ్ల చేతులు మీరు చూసి ఉంటే తెలుస్తుంది, పెంకులోని రసం తగిలి వేళ్లు నల్లబడతాయి, ఒక్కోసారి తోలు ఊడుతుంది. ఎంత కడిగినా ఆ నలుపు పోదు. "తెల్ల కాయితం మాసిపోద్దండి" అంది. నలుపు అంటదని చెప్పినా వినలేదు. పిల్లదాని చేత్తోనే చూపించమన్నాను, అప్పటికి అలా దాటేశాను.

మూడో ప్రదర్శన గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బొమ్మ చూపించి "ఏం జరుగుతోంది, ఎందుకు, తర్వాత ఏమవుద్ది" అని అడగడం. తల్లులు "ఇదేటి? కుక్క. ఇదేటి? సెట్టు" దగ్గర ఆగిపోయారు. మూడు నిమిషాల్లో చూపించగలిగేది కాదది. అప్పటికే ఎనిమిదవుతోంది, పొయ్యి మీద అన్నాలున్నాయి. రెండో రోజుకు దాన్ని తీసేశాను.

రెండు సాయంత్రాల మధ్య నాలుగు రోజులున్నాయి. ఆ పరీక్షను ఎవరి పరువూ పోకుండా ఎలా చూపించాలి? పిల్లల మీద కాదు, నా మీద చేయాలనిపించింది. కానీ నాకు తెలుగు చదవడం వచ్చని అందరికీ తెలుసు, రానట్టు నటిస్తే నాటకంలా ఉంటుంది. మాది ఒడిశా సరిహద్దు. అటు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు మా ఊళ్లో చాలామందే, ఒడియా మాట్లాడేవాళ్లకు కొదవలేదు. నాకు ఒడియా కొంచెం అర్థమవుతుంది గానీ లిపి ఒక్క అక్షరం రాదు. స్టోరీవీవర్‌లోనే ఒక ఒడియా కథ తీసి, పక్కింటి అమ్మాయిచేత ఒక పేజీ చదివించుకుని, అయిదు వాక్యాలూ నోటికి పట్టేశాను. రెండు రాత్రులు పట్టింది. నా పిల్లలు చేసేది తేలిక పనేం కాదని అప్పుడు తెలిసింది.

రెండో సాయంత్రం పద్నాలుగు మంది పెద్దవాళ్లు. ఒడియా పుస్తకం తెరిచి వేలు పెట్టుకుంటూ తడబడకుండా చదివేశాను. ఒడియా వచ్చిన తల్లులు బావుందన్నారు. "నాకు నిజంగా వచ్చో రాదో మీరు కనిపెట్టండి" అని ఎలా అడగాలో చెప్పాను. ముందు వరసలో ఒకావిడ వచ్చి పేజీ మధ్యలో వేలు పెట్టింది. నేను వాక్యాలన్నీ మనసులో మొదటి నుంచి గుణించుకుంటూ ఏదో ఒకటి అన్నాను. ఆవిడ తాపీగా వెతికి, కింది వరసలో అలాంటి మాటే పట్టుకుంది. నేను ఇంకోటి అన్నాను. "ఓలమ్మో, టీచరుగోరికి రాదర్రా!" అని పిల్లలే ముందు అరిచారు. ఆ మొదటి రోజు పిల్లాడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, వాడి వంతు కాకపోయినా వచ్చాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది వాడే.

తర్వాత పిల్లలతో చేసేటప్పుడు ఇంకో మార్పు చేశాను. ఎవరు ఏ మెట్టు మీదున్నారో చూసుకుని, ఒక్కొక్కరికి తప్పకుండా చదవగలిగిన కాగితం ఇచ్చాను. అక్షరాల దగ్గరున్నవాళ్లకు పెద్ద అక్షరాలతో ఆరు మాటల కాగితం, అంతే. అసలు అక్షరాలే రానివాళ్లకు వాళ్ల పేరు, అమ్మ పేరు మూడేసి చోట్ల రాసి ఇచ్చాను. తల్లి వేలు పెడితే పిల్ల నెగ్గాలి, మొదటిసారి మాత్రం. రెండో ప్రదర్శన నేను చెయ్యలేదు, వంటామె తన మనవరాలితో చేసింది. నేను చేస్తే "టీచరుగోరు కాబట్టి చేస్తారు" అని కూర్చునేవాళ్లు, ఆవిడ చేసేసరికి "అదెంత పని" అని ముందుకు జరిగారు.

అక్కడొక చిన్న తగువు వచ్చింది. ఒక పాప "వెళ్లింది" అని ఉన్నచోట "ఎల్లింది" అని చదివి సాగిపోయింది. పదో తరగతి దాకా చదివిన వాళ్ల పిన్ని "తప్పు, వె, వె" అని ఆపింది. నేను వదిలెయ్యమన్నాను. ఆ పాప అక్షరాలు చూసింది, మాట పోల్చుకుంది, ఇంట్లో అనే తీరులో అంది. చదవడం అంటే అదే కదా. "వెళ్లింది" చోట "వచ్చింది" అంటే అప్పుడు ఆపాలి, ఎందుకంటే అక్కడ కన్ను తప్పింది. పిన్ని ఒప్పుకోలేదు, "పరీక్షలో ఎల్లింది అని రాస్తే మార్కులేస్తారేటి?" అంది. రాయడం వేరు, దాని పని నేను బళ్లో చూసుకుంటాననేసరికి చల్లబడింది. ఆ వారమే 29న గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, బళ్లో తెలుగు భాషా దినోత్సవం చేశాం. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన ఆయనది మా శ్రీకాకుళం ప్రాంతమే. ఆయన ఫొటోకు దండ వేసిన వారంలోనే ఈ పేచీ రావడం నాకు సరదాగా అనిపించింది.

ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. మొదటి వారం 31 మందిలో 19 మంది పుస్తకాల్లో చుక్కలు కనిపించాయి. నాలుగో వారానికి అది 12కు పడిపోయింది. మానేసినవాళ్లలో ఎక్కువమంది చదువు రాని ఇళ్లవాళ్లు కాకపోవడం నాకు వింతగా తోచింది. అక్కో అన్నో ఉన్న ఇళ్లలో ఎక్కువ మానేశారు. అన్నలకు ఓపిక ఉండదు, అయిదు వేళ్లు ముడిచే దాకా ఆగరు, మాట చెప్పేసి ఆటకు పోతారు. ఈసారి పెడితే ఆ తొమ్మిదిళ్ల అక్కలనూ అన్నలనూ విడిగా ఒక పూట కూర్చోబెడతాను. చుక్కలు అస్సలు లేని పుస్తకాన్ని కూడా ఇప్పుడు అనుమానంగా చూస్తున్నాను. ఒకరిద్దరు చుక్క పెడితే టీచరు తిడుతుందనుకుని పెట్టడం మానేశారు. ఇంకొకడు ప్రతి మాట కిందా వరసగా పెట్టుకొచ్చాడు, ఎక్కువ పెడితే కొత్త పుస్తకం వస్తుందని వాడికి తెలిసిపోయింది.

కొంగులో చేతులు దాచుకున్న తల్లి ఇంటికి అక్టోబరులో వెళ్లాను. ఆ పాప చుక్కలు ఒక్కరోజు కూడా తప్పలేదు, అదెలాగో చూద్దామని. వాకిట్లో లైటు కింద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆవిడ చేతిలో జానెడు చీపురు పుల్ల ఉంది. పాప పేజీ చదివేశాక ఆవిడ కాగితం ముట్టుకోకుండా ఆ పుల్ల మొనతో ఒక మాట చూపించింది. పాప చెప్పింది. పుల్ల రెండు వరసలు దిగి అలాంటి మాట దగ్గరే ఆగింది.

నేను పక్కన కూర్చుని చూస్తుంటే అప్పుడు కనిపించింది. నేను ఇన్నాళ్లూ మాట కింద వేలు పెట్టమంటున్నాను. మన లిపిలో ఒత్తులుండేది అక్కడే. పెద్దవాళ్ల వేలు పెడితే ఒత్తు కప్పడిపోతుంది, "పిల్లి"ని చూపిస్తే పిల్లకు "పిలి" కనిపిస్తుంది. ఆవిడ పుల్ల దేన్నీ కప్పడం లేదు. మర్నాడు వంటామె కొత్త చీపురు విప్పి, కొసలు కత్తిరించి 31 పుల్లలు ఇచ్చింది. పెన్సిలుతో పాటు సంచుల్లో పెట్టి పంపాను.